దాహం వేస్తోందా అని కాదు, మూత్రానికి ఎప్పుడు వెళ్లారని అడగండి

కోపంతోనే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. వానలు పడి ఫ్లూ జ్వరాలు మొదలయ్యాయంటే ప్రతి ఏడూ అదే తంతు. బిడ్డకు జ్వరం ఎంత ఉందో తల్లి పాయింట్లతో సహా చెబుతుంది. సిరప్ ఎన్నింటికి వేసిందో చెబుతుంది. ‘ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశాడమ్మా?’ అంటే మాత్రం అత్తగారి ముఖం చూస్తుంది. ఆవిడ ‘పోశాడులే, పొద్దున పోశాడు’ అంటుంది. ఏ పొద్దునో ఇద్దరికీ గుర్తుండదు.

విరేచనాలైతేనే ఒంట్లో నీరు తగ్గుతుందని, ఫ్లూ వచ్చినవాళ్లకు ఆ బాధ లేదని చాలామంది అనుకుంటారు. జ్వరంతో కాలుతున్న ఒళ్లు చర్మం గుండా, వేగంగా ఆడే ఊపిరి గుండా గంటగంటకూ నీటిని వదిలేస్తూనే ఉంటుంది. ఆ పోయే నీరు కంటికి కనిపించదు, అందుకే లెక్కలోకి రాదు. మరోపక్క గొంతు నొప్పితో మింగుడు పడదు. చంటిపిల్లలకు ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగుతూ ఊపిరి తీసుకోలేక, రెండు గుక్కలకే రొమ్ము వదిలేస్తారు. పిల్లల్లో ఫ్లూతో పాటు వాంతులు, విరేచనాలు రావడమూ అరుదేమీ కాదు.

ఇంత చెప్పే నా ఇంట్లోనే ఒకే వారంలో ఒక పసివాడికీ, ఒక పెద్దాయనకూ ఇలా ఒంట్లో నీరు తగ్గింది. ముందు చెల్లెలి కొడుకు. పద్నాలుగు నెలలవాడు, సరిగ్గా పది కిలోలు. జ్వరం వచ్చిన మూడో రోజు పొద్దుటి నుంచి నాలుగు వాంతులు, రెండు విరేచనాలు. ‘అక్కా, డైపర్ బరువుగానే ఉంది, మూత్రం పోస్తున్నాడు’ అంది చెల్లెలు. ఆ బరువు రాత్రిది. ఇప్పటి డైపర్లు తడిని జెల్‌లా మార్చి లోపలే దాచుకుంటాయి. పైకి ముట్టుకుంటే ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. జ్వరం ఉన్న రోజుల్లో డైపర్ తీసేసి పాత చీర గుడ్డ కట్టమని అందుకే పోరుతాను. ఉతుక్కునే శ్రమ ఉంటుంది, నిజమే, కానీ గుడ్డ అబద్ధం చెప్పదు. చంటిపిల్లలు ఆరు గంటలపాటు గుడ్డ తడపలేదంటే ఆ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

వాడు ఏడుస్తున్నాడు, కంట్లో చుక్క నీరు లేదు. నాలుక మీద వేలు పెడితే జిగటగా అంటుకుంది. కళ్లు కాస్త లోపలికి పోయినట్టున్నాయి. ఇక్కడ తల్లిని అడగాలి, ‘వీడి కళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?’ అని, ఎందుకంటే కొందరు పిల్లల ముఖం తీరే అంత. తర్వాత పొట్ట మీది చర్మం. బొడ్డుకూ పక్కకూ నడిమధ్య చర్మాన్ని నిలువుగా రెండు వేళ్లతో పట్టి వదిలితే మామూలు పిల్లల్లో చటుక్కున సర్దుకుంటుంది. వీడిది కొంచెం నెమ్మదిగా, అయినా రెండు సెకన్ల లోపే సర్దుకుంది. చెంచా చూపిస్తే ఆత్రంగా పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఆత్రం కూడా ఒక గుర్తే, పైగా ఆశ పెట్టే గుర్తు. చర్మం రెండు సెకన్లకు మించి మడతగా నిలబడినా, పిలిస్తే పలకకుండా మగతగా పడుకున్నా, నోట్లో పోసింది మింగలేకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగే పని లేదు. పరిగెత్తాల్సిందే.

ఇక మందు. మా మరిది పోయి అట్టపెట్టెలో నారింజ రంగు తియ్యనీళ్లు తెచ్చాడు. ‘ఇదీ ఓఆర్‌ఎసే కదా వదినా’ అన్నాడు. పాపం, అతని తప్పు కాదు. ఏళ్ల తరబడి ఆ డబ్బాల మీద ఆ మూడక్షరాలు వేసుకుని అమ్మారు. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు ఒంటరిగా పోట్లాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. పేరు పోయినా జనం నాలుకకు ఆ తీపి అలవాటు పోలేదు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. అది రుచి కోసం వేసింది కాదు. పేగు గోడలో గ్లూకోజు ఉప్పును చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది, ఆ రెంటి వెనకాలే నీరు పోతుంది. చక్కెర మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. ఒంట్లో నీరే పేగులోకి వచ్చి విరేచనం ఇంకా పెరుగుతుంది.

అందుకే కొలత విషయంలో నాకు దయ లేదు. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి. మూత తీయని లీటరు నీళ్ల సీసా కొని, గిన్నెలో మొత్తం వంచి, ప్యాకెట్టు మొత్తం కలిపితే తప్పు జరగదు. 200 మిల్లీలీటర్లకు చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి, ఏది కొన్నారో వెనకాల చదవండి. పెద్ద ప్యాకెట్టు విప్పి గ్లాసుకో చిటికెడు వేసి, మిగతాది రబ్బరు బ్యాండు చుట్టి డబ్బాలో పెట్టే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆ చిటికెడులో ఉప్పెంతో, గ్లూకోజెంతో దేవుడికే తెలియాలి. పాలలో, రసంలో కలపకూడదు, పైన పంచదార వేయకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్టు దొరకని అర్ధరాత్రి అయితే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తల కొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, తల కొట్టిన అర టీస్పూను ఉప్పు. నోట్లో వేసుకుని చూడండి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి, ఉప్పు ఎక్కువైన నీళ్లు పసివాడికి ప్రమాదం.

ఎంత పట్టాలి? కిలోకు 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. పది కిలోల వాడికి 750. ఈ అంకె వినగానే చెల్లెలు గ్లాసు ఎత్తింది. అక్కడే చాలామంది ఓడిపోతారు. దాహం మీదున్న పిల్లవాడు గ్లాసు గటగటా తాగేస్తాడు, పది నిమిషాల్లో మొత్తం కక్కేస్తాడు, ‘వీడికి నోటి ద్వారా ఏదీ ఇమడటం లేదు, సెలైన్ పెట్టండి’ అని వచ్చేస్తారు. మేము గడియారం ముందు పెట్టుకున్నాం. మొదటి గంట రెండు నిమిషాలకు ఒక టీస్పూను, అంటే ముప్పై చెంచాలు, 150 మిల్లీలీటర్లు. మధ్యలో ఒకసారి కక్కాడు. పది నిమిషాలు ఆగి, ఇంకాస్త నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాం. ఆ తర్వాత మూడు గంటలూ గంటకు 200 చొప్పున కప్పుతో గుక్కగుక్కగా. తల్లిపాలు ఆపలేదు. మూడో గంట చివర్లో గుడ్డ తడిసింది. మా చెల్లెలు ఆ తడిగుడ్డ పట్టుకుని ఏడ్చింది. ఇలా గంట గంటా గుర్తులు చూడగల మనిషి ఇంట్లో లేకపోతే ఈ నాలుగు గంటలూ ఆసుపత్రిలోనే గడపండి. ఆరు నెలల లోపు బిడ్డయితే అసలు ఇంట్లో ప్రయోగాలే వద్దు, పాలు పడుతూ తీసుకెళ్లండి.

మూడు రోజుల తర్వాత అదే జ్వరం మా నాన్నకు. డెబ్భై ఎనిమిదేళ్లు. వాంతి లేదు, విరేచనం లేదు, ‘దాహంగా ఉందా నాన్నా?’ అంటే ‘ఏమీ లేదమ్మా’ అన్నారు. నిజమే చెప్పారు. ముసలితనంలో దాహం వేసే గుణమే మందగిస్తుంది. పైగా రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానుకునే అలవాటు. అదీ గాక ఆయన వేసుకునే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంది. తాగకపోయినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది.

రెండో రోజు మధ్యాహ్నం మంచం మీంచి లేవబోయి గోడ పట్టుకున్నారు. కాసేపటికి ‘కోడెలకు కుడితి పెట్టారా?’ అన్నారు. మా ఇంట్లో కోడెలు అమ్మేసి పాతికేళ్లయింది. పక్కింటి పిన్ని ‘వయసమ్మా, జ్వరంలో పలవరింత’ అంది. నిన్నటిదాకా పేపరు చదివి ధరలు తిట్టిన మనిషి ఈ రోజు కోడెలను అడిగితే అది వయసు కాదు. వయసు ఒక్క రాత్రిలో రాదు.

పిల్లవాడికి చూసిన గుర్తులు పెద్దవాళ్ల దగ్గర పనిచేయవు. వాళ్ల చర్మం ఎలాగూ సాగి ఉంటుంది, పట్టి వదిలితే ఎప్పుడైనా మడతగానే నిలుస్తుంది. నోరు తెరిచి నిద్రపోతే నోరు ఎండుతుంది. బీ కాంప్లెక్సు మాత్ర వేసుకుంటే మూత్రం ఎలాగూ పచ్చగా వస్తుంది. చూడాల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. లేచి నిలబడితే కళ్లు తిరగడం, నడకలో తూలు, మాటలో తికమక, నాలుక మీద చాళ్లు పడినట్టు ఎండటం, జ్వరం ఉన్నా చంక పొడిగా ఉండటం, బాత్రూముకు వెళ్లే సార్లు తగ్గడం.

కొత్తగా వచ్చిన తికమకను నేను కూడా ఇంట్లో పెట్టుకోలేదు. ఊపిరితిత్తుల్లోకి జబ్బు దిగినా, రక్తంలో ఉప్పు, అంటే సోడియం పడిపోయినా అలాగే మాట్లాడతారు. ఉప్పు కలవని నీళ్లే కడుపునిండా పట్టిస్తే ఆ సోడియం ఇంకా తగ్గవచ్చు. ఆసుపత్రిలో ఆక్సిజన్, సోడియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు. సెలైన్ అక్కర్లేదు, నోటి ద్వారానే ఇవ్వండి అన్నారు డాక్టరు. జ్వరం తగ్గి సరిగా తాగేదాకా ఆ బీపీ మాత్ర ఆపమన్నారు, ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దన్నారు, నీరు తగ్గిన కిడ్నీని అది దెబ్బ తీస్తుంది. మాత్ర ఆపడం మీకు మీరు చేసే పని కాదు, ఫోను చేసి అడగండి. గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లకు పరిమితి పెట్టినవాళ్లయితే ఎంత తాగించాలో కూడా వాళ్లనే అడగాలి.

‘షుగరు ఉంది కదా, ఓఆర్‌ఎస్ ఎలా ఇస్తావు?’ అని నాన్న తరఫున మా బాబాయి పోట్లాట. ఒక గ్లాసులో, అంటే 200 మిల్లీలీటర్లలో ఉన్నది మూడు గ్రాముల లోపు గ్లూకోజు. ఆయన పొద్దున్నే తాగే టీలో అంతకంటే ఎక్కువ పంచదార పడుతుంది. షుగరు పరీక్ష చేస్తూ ఇచ్చాం. అయినా వాంతులు, విరేచనాలు లేని జ్వరానికి రోజంతా ఓఆర్‌ఎసే పట్టనక్కర్లేదు. రోజుకు రెండు గ్లాసులు అది, మిగతాది పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, గంజి, చారు. పెద్ద గ్లాసు ఇస్తే పక్కన పెట్టేస్తారు కాబట్టి చిన్న కాఫీ గ్లాసుతో, గంటకోసారి, ఎదురుగా కూర్చుని. ప్రతి గ్లాసుకీ క్యాలెండరు మీద ఒక గీత, మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఒక చుక్క. సాయంత్రం ఏడు లోపలే ఎక్కువ భాగం అయ్యేలా చూశాం, రాత్రి చీకట్లో లేచి పడిపోతే అదో గండం.

మర్నాటికి క్యాలెండరు మీద గీతలు పదమూడు, చుక్కలు అయిదు. ‘గంటగంటకూ ఈ గ్లాసులేమిటే, నన్నేమైనా కుండీలో మొక్కననుకున్నావా?’ అని విసుక్కుని, పేపరు అడిగి తీసుకున్నారు.