సంక్రాంతి అమ్మకాలకు డిసెంబరులోనే పన్ను లెక్కా?

గోడ మీది క్యాలెండర్ జనవరితో మొదలవుతుంది, దుకాణం లెక్కల పుస్తకం ఏప్రిల్ 1తో. ఆ తేడాకు వ్యాపారులు ఏనాడో అలవాటుపడ్డారు. వారిని ఇబ్బంది పెడుతున్నది గడువు తేదీలు.

మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్న్ వేసే చిన్న వ్యాపారికి ఆ త్రైమాసికం ముగిశాకే గడువు వస్తుంది. జనవరి-మార్చి లెక్క మన రెండు రాష్ట్రాల్లో ఏప్రిల్ 22లోగా ఇస్తే చాలు. ఆదాయపు పన్ను విషయంలో అడ్వాన్స్ ట్యాక్స్ అలా కాదు. ఏడాది మొత్తం పన్ను ఎంతో ముందే ఊహించి, జూన్ 15కల్లా అందులో 15 శాతం, సెప్టెంబరు 15కల్లా 45, డిసెంబరు 15కల్లా 75, మార్చి 15కల్లా పూర్తిగా కట్టాలి. త్రైమాసికం ముగియడానికి ఇంకా పక్షం రోజులుండగానే గడువు మీద పడుతుంది.

సంక్రాంతి మీద ఆధారపడ్డ బట్టల దుకాణాన్నే తీసుకుందాం. ఈ ఏడాది పన్ను 80 వేలు అవుతుందనుకున్న యజమాని డిసెంబరు 15 నాటికి 60 వేలు కట్టాడు. జనవరిలో గిరాకీ బాగా సాగి పన్ను లక్షా 20 వేలకు చేరింది. మిగతా 60 వేలూ మార్చి 15లోగా కట్టేశాడు. అయినా వడ్డీ తప్పదు. కట్టాల్సినదానికి జూన్‌లో 6 వేలు, సెప్టెంబరులో 18 వేలు, డిసెంబరులో 30 వేలు తగ్గినట్టు లెక్కగట్టి, ఒక్కో లోటుపై నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలలకు వేస్తారు. అంతా కలిపి 1,620 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ ఇంకా జరగని అమ్మకాలను ముందే ఊహించనందుకు వడ్డీ కట్టించుకోవడం అన్యాయం.

అంచనా లాభం పద్ధతి ఎంచుకుంటే మార్చి 15న ఒకేసారి కట్టొచ్చు. అయితే నగదు అమ్మకాలపై కనీసం 8 శాతం, డిజిటల్ చెల్లింపులపై 6 శాతం లాభం చూపాలి. రెండు మూడు శాతం మార్జిన్‌తో నడిచే హోల్‌సేల్ దుకాణానికి అది గిట్టుబాటు కాదు.

ఆర్థిక సంవత్సరాన్నే జనవరికి మార్చాలని 1984లో ఏర్పడిన ఎల్.కె. ఝా కమిటీ సిఫారసు చేసింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. గడువుల క్రమం ఇదే ఉంచి ఏడాదిని మాత్రం మారిస్తే సంక్రాంతి వ్యాపారికి మేలే. కానీ మూడో వాయిదా సెప్టెంబరు 15కు జరుగుతుంది, దసరా, దీపావళి దాని తర్వాత పడతాయి. టెన్షన్ ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుందంతే.

ఆస్తి అమ్మకంపై వచ్చే లాభాన్ని ముందే అంచనా వేయలేరని చట్టమే గుర్తించింది. ఆ లాభం వచ్చాక మిగిలిన వాయిదాల్లో పన్ను కట్టేస్తే, అంతకుముందటి లోటుకు వడ్డీ వేయదు. ఇదే సడలింపును పండగ సీజన్ అమ్మకాలతో పెరిగిన వ్యాపార ఆదాయానికీ ఇవ్వాలని మేం కోరుతున్నాం. మార్చి 15లోగా పూర్తి పన్ను కట్టిన చిన్న వ్యాపారికి ముందు వాయిదాల వడ్డీని రద్దు చేస్తే సరిపోతుంది. వచ్చే బడ్జెట్‌లో ఇందుకు చట్ట సవరణ తేవాలి.