సున్నా చూపిన లెక్కలో 50 బిలియన్లు

ఫ్రాన్స్‌లోని సొసైటీ జనరల్ బ్యాంకును జెరోమ్ కెర్వియెల్ ముంచిన కథ చాలామందికి తెలిసిందే. 2008 జనవరిలో బయటపడేనాటికి ఆ ఒక్క ట్రేడర్ దగ్గర దాదాపు 50 బిలియన్ యూరోల పొజిషన్లు, అంటే మార్కెట్‌పై పెట్టిన పందేలు, ఉన్నాయి. వాటిని వదిలించుకునేసరికి 4.9 బిలియన్లు పోయాయి. అతని డెస్క్ మొత్తానికి పెట్టిన పరిమితి 125 మిలియన్లే! కాబట్టి పరిమితి లేక మునగలేదు. దాన్ని ఏ అంకెకు పెట్టారన్నదే అసలు గొడవ.

పెట్టింది నికర ఎక్స్‌పోజర్‌కు, అంటే కొన్నదాంట్లోంచి అమ్మింది తీసేస్తే మిగిలేదానికి. కెర్వియెల్ ఎక్స్ఛేంజీలో నిజంగా ఫ్యూచర్స్ కొనేవాడు. అంతే మొత్తానికి అమ్మినట్టు సిస్టంలో ఒక దొంగ ట్రేడ్ ఎక్కించేవాడు. కొన్నది ప్లస్, అమ్మింది మైనస్, కలిపితే సున్నా. సాయంత్రం రిస్క్ మేనేజర్ ముందున్న షీట్‌లో అంతా పచ్చగా ఉండేది. అవతలి పార్టీ నుంచి కన్ఫర్మేషన్ అడిగే సమయం రాకముందే దొంగ ట్రేడ్‌ను రద్దు చేసి, ఇంకోటి ఎక్కించేవాడు. అంతకుముందు ట్రేడ్లను సరిచూసే మిడిల్ ఆఫీసులో పనిచేసినవాడు కదా, ఏ చెక్ ఎప్పుడు పడుతుందో అతనికి కొట్టినపిండి.

అందుకే ట్రేడర్ రోజూ పొజిషన్లు చెప్పాలంటే నికర అంకె ఒక్కటీ చెబితే చాలదు. కొన్నదెంత, అమ్మిందెంత విడివిడిగా చెప్పాలి. ఆ రోజు రద్దు చేసినవీ చెప్పాలి. నన్నడిగితే ఆ మూడోదే ముఖ్యం. ఆ పైన రిస్క్ మేనేజర్ ఆ షీట్‌ను ఎక్స్ఛేంజీకి పూచీగా కట్టిన మార్జిన్ డబ్బు పక్కన పెట్టి చూడాలి. దొంగ అమ్మకాన్ని ఎక్స్ఛేంజీ ఎరగదు, నిజం కొనుగోలుకే డబ్బు అడుగుతుంది. పొజిషన్ సున్నా అంటూ మార్జిన్ పెరుగుతోందంటే ఎవరో అబద్ధం ఆడుతున్నట్టే.

ఇది గుమాస్తా పని, టైం తినేస్తుందని ట్రేడర్లు విసుక్కుంటారు. ఒకవైపు కొని ఇంకోవైపు అమ్మే ఆర్బిట్రేజ్ డెస్క్‌కు, కొన్నదీ అమ్మిందీ కూడి లెక్కేసే గ్రాస్ పరిమితి పెడితే పనే ఆగుతుందంటారు. సరే, గ్రాస్‌కు వేరే పెద్ద పరిమితి పెట్టండి. అసలు లేకుండా పోవడమెందుకు?

ఇంకో తిరకాసుంది. 2007 నవంబర్‌లో ఆ ట్రేడ్ల గురించి యూరెక్స్ ఎక్స్ఛేంజీయే బ్యాంకును అడిగింది. బ్యాంకు వెళ్లి కెర్వియెల్‌నే అడిగి, అతను చెప్పిందే జవాబుగా పంపింది. చూడాల్సింది అతని మాట కాదు, అతను కాక ఇంకెవరైనా రాసిచ్చిన కాగితం.

మన దగ్గరా ఇదే జబ్బు. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబై శాఖలో 11 వేల కోట్లకు పైగా మోసం బయటపడింది. హామీల సందేశాలు బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్విఫ్ట్‌లో విదేశాలకు వెళ్లేవి, బ్యాంకు సొంత లెక్కలుండే కోర్ బ్యాంకింగ్‌లో మాత్రం వాటికి ఎంట్రీ ఉండేది కాదు. ఆ రెండు పుస్తకాలనూ సాయంత్రం పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఏళ్ల తరబడి లేడు.