ఎవరూ చూడని పుస్తకం నుంచి ముప్పై కోటలు

"ఆంధ్రులకు ముప్పై దుర్గాలు, లక్ష కాల్బలం, రెండు వేల అశ్విక దళం, వెయ్యి ఏనుగులు ఉన్నాయని మెగస్తనీసు తన ఇండికాలో రాశాడు." తెలుగు రాష్ట్రాల్లో గ్రూప్స్ పరీక్షకు చదివినవాళ్లు ఎవరైనా ఈ వాక్యాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. గైడ్లలో ఉంది, వ్యాసాల్లో ఉంది, పత్రికల ఆదివారం సంచికల్లోనూ ఉంది. చిక్కు ఒక్కటే. మెగస్తనీసు రాసిన ఇండికా ఇప్పుడు లేదు. ఎప్పుడో ప్రాచీన కాలంలోనే పోయింది. ఈ వాక్యం రాసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ పుస్తకాన్ని చూసి ఉండరు, చూసే వీలే లేదు.

మరి ఈ లెక్కలు ఎక్కడివి? రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77లో అంకితమిచ్చిన నాచురల్ హిస్టరీ ఆరో పుస్తకంలోవి. మెగస్తనీసు గ్రీకు రాయబారిగా చంద్రగుప్త మౌర్యుడి ఆస్థానానికి వచ్చింది దాదాపు క్రీ.పూ. 300 ప్రాంతంలో. ఇద్దరి మధ్యా మూడున్నర శతాబ్దాలకు పైగా దూరం ఉంది. ప్లినీ భారతదేశంలోని జాతుల పేర్లు వరసగా చెబుతూ ఆంధ్రులే అని అనుకునే 'అందరే' అనే జాతి దగ్గరికి వచ్చి, వాళ్లకు చాలా గ్రామాలు, గోడలూ బురుజులూ ఉన్న ముప్పై పట్టణాలు ఉన్నాయని అంటాడు, సైన్యం లెక్క చెబుతాడు. ఆ వాక్యంలో మెగస్తనీసు పేరు లేదు.

పేరు ఎలా వచ్చి చేరిందంటే, 1846లో షువాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు పాత గ్రీకు, లాటిన్ రచనలన్నీ గాలించి, మెగస్తనీసు నుంచి వచ్చి ఉండొచ్చనుకున్న భాగాలను ఒకచోట చేర్చాడు. దాన్ని మెక్‌క్రిండిల్ 1877లో ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. ఇప్పుడు 'ఇండికా' పేరుతో షాపుల్లో దొరికేది ఆ అతుకుల సంకలనమే. ప్లినీ చెప్పిన జాతుల జాబితా అందులో 56వ శకలం. అది ఏ విభాగంలో ఉందో చూడండి: సందేహాస్పద శకలాల్లో. అంటే సంకలనం చేసిన మనిషే ఇది మెగస్తనీసుదని గట్టిగా చెప్పలేనన్నాడు. ఆ సందేహం మెక్‌క్రిండిల్ దాకా భద్రంగా వచ్చింది. మన పుస్తకాల్లోకి వచ్చేసరికి మాయమైంది.

దీనికి ఒక సమాధానం వినిపిస్తుంది. ప్లినీ మెగస్తనీసును వాడుకున్నాడని అందరికీ తెలుసు, అలాంటప్పుడు అసలు పేరు చెబితే తప్పేంటి, పిల్లలకు ఇంత గొలుసు అప్పజెప్పాలా అని. ప్లినీ మెగస్తనీసును వాడుకున్న మాట నిజమే. భారత్‌ను వర్ణించిన గ్రీకుల్లో మెగస్తనీసును, ఈజిప్టు రాజు టాలమీ ఫిలడెల్ఫస్ పంపిన డయొనీసియస్‌ను అతనే పేరుపెట్టి చెప్పాడు. కానీ ఆ జాబితాలో ఏ వాక్యం ఎవరిదో విడదీసి చెప్పలేదు. పైగా తన కాలంలో రోమ్‌కూ మన పశ్చిమ తీరానికీ మధ్య జరిగిన వ్యాపారం సంగతులు కూడా ఆ ఆరో పుస్తకంలోనే కలిపాడు.

అసలు గొడవంతా తేదీ దగ్గరుంది. ముప్పై పట్టణాల మాట మెగస్తనీసుదైతే, చంద్రగుప్తుడి కాలానికే ఆంధ్రులకు లక్ష సైన్యం ఉన్న రాజ్యం ఉన్నట్టు. కాకపోతే అది క్రీ.పూ. 300కీ క్రీ.శ. 77కీ మధ్య ఎప్పటి కబురైనా కావచ్చు, శాతవాహనుల నాటి సంగతైనా కావచ్చు. "మౌర్యుల కాలంలోనే ఆంధ్రులది స్వతంత్ర మహారాజ్యం" అనే పెద్ద వాదన బరువంతా ఆ ఒక్క పేరు మీద ఆనుకుని ఉంది. ప్లినీ పేరు చెప్పినవాడు ఆ బరువు ఎంతవరకు నిలుస్తుందో పాఠకుడికి చూపిస్తాడు. మెగస్తనీసు పేరు ఒక్కటే చెప్పినవాడు దాన్ని దాచేస్తాడు. నిజాయితీ లేకపోవడం అని నేనంటున్నది ఇక్కడే.

అసలు చూడకుండా ఎత్తిరాస్తే ఇంకో నష్టం ఉంది. చుట్టుపక్కల ఏముందో తెలియదు. కొన్ని పుస్తకాలు ఒక అడుగు ముందుకేసి, సైన్యంలో మౌర్యుల తర్వాత దేశంలో రెండో స్థానం ఆంధ్రులదేనని కూడా రాస్తాయి, అదీ మెగస్తనీసు ఖాతాలోనే. ఆ జాబితానే ఇంకాస్త కిందికి చదివితే 'హొరటే' అనే జాతి రాజు కనిపిస్తాడు. అతనికి 1,600 ఏనుగులు, లక్షా యాభై వేల కాల్బలం, ఐదు వేల గుర్రపు దళం. మూడు లెక్కల్లోనూ ఆంధ్రుల కంటే ఎక్కువే. జాబితా మొత్తం చదివిన మనిషి 'రెండో స్థానం' అని రాయలేడు. ఆ మాట కనిపించిన చోటల్లా, రాసినవాళ్లు ఇంకో గైడ్ చూసి రాశారని నిస్సందేహంగా అనుకోవచ్చు.

ప్రాచీనులే ఈ విషయంలో మనకంటే నయం. భారత్‌లో 118 జాతులున్నాయనే లెక్క చూడండి. గ్రీకు చరిత్రకారుడు అరియన్ దాన్ని మెగస్తనీసు మాటగా చెప్పి, దేశంలో ఎక్కువ భాగం తిరగని మనిషికి ఇంత కచ్చితమైన లెక్క ఎలా దొరికిందో తనకు అర్థం కావడం లేదని కూడా అన్నాడు. అదే 118ని ప్లినీ రోమన్ తత్వవేత్త సెనెకా పేరుతో చెప్పాడు. సెనెకాకు అది బహుశా మెగస్తనీసు నుంచే అంది ఉంటుంది. అయినా ప్లినీ ఆ లెక్క దగ్గర సెనెకా పేరే రాశాడు. తన పుస్తకం ముందుమాటలో అయితే, ఎంతో నమ్మకస్తులనుకున్న రచయితలు పాతవాళ్లను మాటకు మాట ఎత్తిరాసి పేరు కూడా చెప్పలేదని, పోల్చి చూస్తే దొరికిపోయారని వాపోయాడు. మొదటి పుస్తకమంతా విషయసూచికకీ, ఏ పుస్తకానికి ఎవరెవరిని చదివాడో ఆ జాబితాలకీ కేటాయించాడు. అలాంటి మనిషి రాసిన వాక్యాన్ని ఎత్తుకుని, అతని పేరే కొట్టేశాం మనం.

ఈ జబ్బుకు మూలం సోమరితనం ఒక్కటే అనుకోను. మన చరిత్రను ఇప్పుడు ఎక్కువమంది చదువుతున్నది పరీక్ష గైడ్లలో. గైడ్‌కు కావలసింది నాలుగు ఆప్షన్లలో ఒక పేరు. "ప్లినీ, బహుశా మెగస్తనీసు ఆధారంగా" అనే జవాబు బిట్టులో ఇమడదు. అందుకని 'బహుశా' పోతుంది, దానితోపాటు మధ్యవర్తీ పోతాడు. ఆ గైడ్ చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే రేపు పాఠాలు చెబుతారు, జిల్లా చరిత్రలు రాస్తారు, వాటిని చూసి కొత్త గైడ్ తయారవుతుంది. కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ ఆధారం ఒకటి పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, తవ్వి చూస్తే కింద ఉన్నది లాటిన్‌లో ఒకే ఒక్క వాక్యం.

నిజాయితీగా రాయడం ఏమంత కష్టం కాదు. "ప్లినీ నాచురల్ హిస్టరీ ఆరో పుస్తకంలోని మాట, దీన్ని షువాన్‌బెక్ మెగస్తనీసు సందేహాస్పద శకలాల్లో 56వదిగా చేర్చాడు, నేను మెక్‌క్రిండిల్ ఇంగ్లిష్ అనువాదంలో చూశాను." మెక్‌క్రిండిల్‌ను కూడా చూడకపోతే, ఏ తెలుగు పుస్తకంలో చదివారో దాని పేరు, పేజీ చెబితే చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. లాటిన్ రాదని ఒప్పుకుంటే పోయే పరువు కంటే, లేని పుస్తకాన్ని చదివినట్టు రాస్తే పోయే పరువే ఎక్కువ.

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో మట్టికోట తవ్వకాల్లో బయటపడింది. అది కళ్లముందున్న సాక్ష్యం, దానికి ఏ గ్రీకువాడి సిఫారసూ అక్కర్లేదు. అయినా ఆ ఊరి గురించి రాసేవాళ్లు చాలామంది "మెగస్తనీసు చెప్పిన ముప్పై కోటల్లో ఇదొకటి" అని మొదలుపెడతారు. ప్లినీ ఆ ముప్పై పట్టణాల్లో ఒక్కదాని పేరు కూడా రాయలేదు.