రద్దు నొక్కితే గిఫ్ట్ కార్డు డబ్బు పోతుందా?

"గిఫ్ట్ కార్డుతో కట్టిన సబ్‌స్క్రిప్షన్‌ను ఎప్పుడూ రద్దు చేయకండి. నొక్కిన మరుక్షణం మిగిలిన బ్యాలెన్స్ మొత్తం పోతుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చాలు, డబ్బు భద్రం. రద్దు చేసేసినవాళ్లు అడిగితే కంపెనీ ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో వేయాల్సిందే, అది ఆర్‌బీఐ రూల్. అందరికీ పంపండి."

చేతులు మారుతూ తిరుగుతున్న ఈ మెసేజ్‌ను నమ్మినవాళ్లు వాడని యాప్‌కు నెలనెలా డబ్బు కడుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

"మొత్తం పోతుంది" అన్నది గూగుల్ ప్లే విషయంలో తప్పు. 500 రూపాయల కోడ్ ఎక్కించగానే ఆ సొమ్ము మీ గూగుల్ ఖాతాలో ప్లే బ్యాలెన్స్‌గా చేరుతుంది. యాప్ కంపెనీ దగ్గరకు వెళ్లదు. నెలకు 149 రూపాయల యాప్ తీసుకున్నారనుకుందాం. రెండు నెలలకు 298 పోయి 202 మిగిలాయి. రెండోసారి డబ్బు కట్ అయిన పన్నెండో రోజున రద్దు చేశారు. ఆ 202 అలాగే ఉంటాయి, వాటితో మరో యాప్ కొనుక్కోవచ్చు. కట్టేసిన 149కి ఆ నెల చివరిదాకా యాప్ నడుస్తుంది. మిగతా 18 రోజుల లెక్క కట్టి డబ్బు తిరిగిస్తారని మాత్రం మామూలుగా ఆశించకూడదు. యాపిల్ బ్యాలెన్స్ కూడా ఇంతే, సబ్‌స్క్రిప్షన్ ఆపినా ఖాతాలోనే ఉంటుంది.

అయితే ఈ భయం పుట్టడానికి ఒక కారణం ఉండొచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ గిఫ్ట్ కార్డు డబ్బు నెట్‌ఫ్లిక్స్ ఖాతాలోకే వెళ్తుంది, ఇంకెక్కడా పనికిరాదు. బ్యాలెన్స్ ఉండగా రద్దు చేస్తే, అది పూర్తిగా ఖర్చయ్యాకే రద్దు అమల్లోకి వస్తుంది. అంతవరకు నెలనెలా తరుగుతూనే ఉంటుంది. బ్యాలెన్స్ తగ్గడం చూసి "రద్దు చేశాక తినేశారు" అనుకోవడం సహజమే. కానీ తగ్గినన్నాళ్లూ సినిమాలు చూసే హక్కు మీకుంది. పరీక్షల కోసం రెండు నెలలు ఆపి, తర్వాత అదే బ్యాలెన్స్‌తో మొదలుపెడదామనుకునేవాళ్లకు ఇది నష్టమే. అలాంటప్పుడు పెద్ద కార్డు ఒకేసారి ఎక్కించకపోవడమే మంచిది.

ఇక "యాప్ తీసేస్తే చాలు" అన్న సలహా. మొత్తం మెసేజ్‌లో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. పై లెక్కలోని 202లోంచి మూడో నెల 149 పోయి 53 మిగులుతాయి. నాలుగో నెలకు అవి చాలవు. అప్పుడు ఖాతాలో బ్యాకప్‌గా బ్యాంకు కార్డో మరో పేమెంట్ పద్ధతో పెట్టి ఉంటే అక్కడి నుంచి లాగే అవకాశం ఉంది. గిఫ్ట్ కార్డుతోనే కడుతున్నామనే ధీమాతో చాలామంది డబ్బు కట్ అయిందని వచ్చే ఎస్సెమ్మెస్ కూడా చూడరు. ప్లే స్టోర్‌లో పైనున్న మీ ఫొటో నొక్కి, Payments & subscriptions లోంచి Subscriptions లోకి వెళ్లి, ఆ యాప్ కింద Cancel subscription నొక్కాలి. పనైతే అక్కడే ఏ తేదీ వరకు వాడుకోవచ్చో కనిపిస్తుంది. ఆ తేదీ కనిపించకుండా, తర్వాతి చెల్లింపు తేదీయే కనిపిస్తుంటే రద్దు కాలేదని అర్థం.

"ఆర్‌బీఐ రూల్" మాటకొస్తే, ఆర్‌బీఐ చెప్పింది దాదాపు దీనికి ఎదురు. ముందే డబ్బు వేసి వాడుకునే కార్డులు, వాలెట్ల వంటి ప్రీపెయిడ్ సాధనాలపై 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం గిఫ్ట్ కార్డులోని సొమ్మును నగదుగా తీసుకోవడానికి, వేరేచోటికి బదిలీ చేయడానికి వీల్లేదు. కార్డుదారు ఒప్పుకుంటే, దాన్ని ఏ ఖాతా నుంచి కొన్నారో ఆ ఖాతాకు వెనక్కి పంపవచ్చు, అంతే. కార్డు బహుమతిగా వచ్చిందైతే ఆ ఖాతా మీది కాదు కదా! లావాదేవీ రద్దయితే రిఫండ్ కూడా ఏ ప్రీపెయిడ్ సాధనంతో కట్టారో దానికే చేరాలి. పైగా ఒక సంస్థ తన సరుకు, సేవల కోసమే ఇచ్చే కార్డులు ఈ ఆదేశాల కిందికే రావు. ప్లేలోనూ అంతే: బ్యాలెన్స్‌తో కొన్నదానికి రిఫండ్ మంజూరైతే బ్యాలెన్స్‌లోకే వస్తుంది.

నిజంగా డబ్బు చిక్కుకుపోయే సందర్భాలు ఈ మెసేజ్‌లో లేనే లేవు. ఒకటి, గూగుల్ ఖాతానే తొలగించడం. రెండోది దేశం మార్చడం. అమెరికా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చి ప్లేలో దేశాన్ని భారత్‌గా మారిస్తే, డాలర్ల బ్యాలెన్స్ ఇక్కడ వాడలేరు. దేశం ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి వెంటనే వెనక్కి వెళ్లడమూ కుదరదు. యాపిల్ అయితే బ్యాలెన్స్ ఖర్చు చేసేదాకా దేశం మార్చనివ్వదు. విమానం ఎక్కేముందే ఆ మిగిలిన డాలర్లు అక్కడే వాడేయండి.