మతం గడి ఖాళీగా వదిలేసిన రాజులు

మన ప్రాచీన రాజుల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఏ మతం వాళ్ళో తేల్చి చెప్పకుండా పోయారు. ఆ ఒక్క ముక్క రాయించి ఉంటే ఇవాళ వాట్సాప్ గ్రూపుల్లో ఇంతమందికి నిద్ర కరువయ్యేది కాదు. ఒకాయన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి మావాడంటాడు, వైదిక ధర్మాన్ని నిలబెట్టాడంటాడు. ఇంకొకాయన కాదు మావాడే, భిక్షువులకు పొలాలిచ్చాడంటాడు. ఇద్దరూ శాసనాల సాక్ష్యమే చూపిస్తారు. తీరా చూస్తే ఇద్దరివీ ఒకే కొండ మీది శాసనాలు.

ఈ తగవు శాశ్వతంగా తీర్చాలని నేనే నడుం కట్టాను. పద్ధతి సులువు. ప్రతి రాజుకూ ఒక ఫారం, అందులో మతం అనే గడి, అందులో ఒక్కటే టిక్కు. రెండు టిక్కులు పెడితే ఫారం చెల్లదు.

మొదటి ఫారం నాసిక్ దగ్గరి త్రిరశ్మి కొండకు తీసుకెళ్దాం. శాసనాల్లో దాని పేరదే. చుట్టుపక్కల జనం మాత్రం పాండవ లేణి అంటారు. భిక్షువుల కోసం తొలిచిన గుహల్ని తర్వాతి జనం పాండవులకు రాసిచ్చేశారు. రాజులే కాదు, ప్రజలు కూడా నా ఫారానికి సహకరించే రకం కాదని అక్కడే అర్థం కావాల్సింది.

ఇక్కడి పదో గుహలో క్షహరాత వంశపు రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడి శాసనాలున్నాయి. ఒకదాని మొదట్లో ఆయన ఘనకార్యాలు వరసగా చెప్పారు. 3 లక్షల గోవులు దానం చేశాడు. దేవతలకూ బ్రాహ్మణులకూ 16 గ్రామాలిచ్చాడు. ఏటా లక్షమంది బ్రాహ్మణులకు భోజనం పెట్టించాడు. ప్రభాస తీర్థంలో బ్రాహ్మణులకు ఎనిమిది పెళ్ళిళ్ళు చేయించాడు. ఇంతవరకూ చదివి నేను సంతోషంగా టిక్కు పెట్టబోయాను. వెంటనే, అంతటి ధర్మాత్ముడు త్రిరశ్మి కొండ మీద ఈ గుహను తొలిపించాడు అని ఉంది. గుహ ఇచ్చింది బౌద్ధ సంఘానికి. మధ్యలో 'అయినప్పటికీ' అన్న మాట కూడా లేదు. ఆ దానాల్లాగే ఇదీ ఒక దానం అన్నట్టు రాసుకుపోయారు.

పైగా ఇదేదో మొహమాటానికి చేసిన పని కాదు. పక్కా లెక్క ఉంది. ఆ కొండ ఉన్న గోవర్ధనంలోని ఒక సాలెవారి శ్రేణి, అంటే వృత్తి సంఘం దగ్గర 2,000 కార్షాపణాల నాణేలు డిపాజిట్ చేశాడు. నెలకు నూటికి ఒకటి వడ్డీ. అసలు ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలి. నెలకు 20, ఏడాదికి 240. వానాకాలం గుహలో వర్షావాసం ఉండే 20 మంది భిక్షువులకు చీవరాల, అంటే కట్టుబట్టల ఖర్చు తలా 12 కార్షాపణాలు. సరిగ్గా 240. ఇంకో శ్రేణి దగ్గర చిల్లర ఖర్చులకని ఇంకో 1,000 వేశాడు, వడ్డీ నెలకు నూటికి ముప్పావు. ఇదంతా నిగమసభలో, అంటే పట్టణ సభలో చదివి వినిపించి, రికార్డుల్లో ఎక్కించారట. వడ్డీ దగ్గర ఇంత పట్టింపు ఉన్నవాడికి మతం గడి దగ్గర ఎందుకింత అలసత్వం?

ఇక్కడ నాకు ఇంకో చిక్కు వచ్చింది. ఏ మతానికి ఎన్ని శాసనాలున్నాయో లెక్కపెట్టి, ఎక్కువ ఉన్న గడిలో పడేద్దామనుకున్నాను. ఎన్నికల్లో అలాగే చేస్తాం కదా. కానీ దానమిచ్చిన ఆవులు ఎప్పుడో పోయాయి, వడ్డించిన అన్నం ఆ పూటకే అయిపోయింది. మిగిలింది కొండలో తొలిచిన గుహ ఒక్కటే. ఉషవదాతుడు బ్రాహ్మణులకు ఏమిచ్చాడో కూడా మనం చదువుతున్నది బౌద్ధుల గోడ మీదే. రాతి గోడలున్నవాళ్ళ ఓట్లే లెక్కకు దొరికే ఎన్నిక ఇది. ఫలితం ప్రకటించడానికి నాకు కూడా మొహం చెల్లలేదు.

తర్వాత గౌతమీపుత్రుడు వచ్చాడు. క్షహరాతుల్ని ఓడించాడు, నహపానుడి వెండి నాణేల మీద తన ముద్ర కొట్టించాడు. జోగల్తంబిలో దొరికిన నిధిలో అలాంటివి వేలకొద్దీ ఉన్నాయి. ఇక శత్రువు పోషించిన భిక్షువుల్ని కొండ దింపేస్తాడని, నా ఫారం పని తేలికవుతుందని ఆశపడ్డాను. ఆయన చేసిందేమిటి? తన పాలన 18వ ఏట గోవర్ధనంలోని అమాత్యుడికి ఉత్తర్వు పంపాడు. అంతవరకూ ఉషవదాతుడు అనుభవించిన 200 నివర్తనాల పొలాన్ని త్రిరశ్మి సన్యాసులకు ఇమ్మన్నాడు. ఆ పొలంలో రాజభటులు అడుగుపెట్టకూడదు, ఉప్పు కోసం తవ్వకూడదు, స్థానిక అధికారులు జోక్యం చేసుకోకూడదు. ఓడినవాడి పొలం, గెలిచినవాడి దానం. కొండ మీది భిక్షువులకు కొత్త రాజు పాతవాడికి తీసిపోడని తెలియాలి, ఊళ్ళోవాళ్ళకు ఈ నేల ఇప్పుడెవరిదో తెలియాలి. భక్తి ఎంతో శాసనం చెప్పదు గానీ, లెక్క మాత్రం కనిపిస్తుంది.

ఆరేళ్ళ తర్వాత అదే గోడ మీద ఇంకో ఉత్తర్వు. ఈసారి ఉత్తర్వులో రాజుతో పాటు రాజమాత పేరూ ఉంది. మేం ఇచ్చిన పొలం సాగు కావడం లేదు, ఆ ఊళ్ళో జనమే లేరు, కాబట్టి పట్టణ సరిహద్దులో ఉన్న రాజుగారి సొంత పొలం నుంచి 100 నివర్తనాలు ఇస్తున్నాం అని దాని సారాంశం. దున్నేవాడు లేని పొలం దానంగా ఇచ్చేశారన్నమాట. మన సర్కారీ భూపంపిణీకి వంశవృక్షం ఎంత పాతదో చూడండి! కాకపోతే వాళ్ళు తప్పును రాతి మీద ఒప్పుకున్నారు. 200 పోయి 100 రావడం గురించి భిక్షువులు ఏమనుకున్నారో గోడ మీద లేదు.

ఆ రాజమాతే గౌతమీ బాలశ్రీ. మనవడు పులుమావి పాలన 19వ ఏట ఆమె వేయించిన శాసనం నా ఫారాన్ని పూర్తిగా చింపేసింది. అందులో కొడుకు ఏకబ్రాహ్మణుడు. క్షత్రియుల గర్వం అణిచినవాడు, చాతుర్వర్ణ్య సంకరాన్ని ఆపినవాడు, పరాక్రమంలో రాముడికీ కేశవుడికీ అర్జునుడికీ భీమసేనుడికీ సాటి. ఇంతటి పొగడ్త ఎక్కడ చెక్కించింది? భదావనీయ శాఖ బౌద్ధ భిక్షువులకు ఆమె దానమిచ్చిన గుహ గోడ మీద. అంటే ఆ భిక్షువులు రోజూ వర్ణధర్మ రక్షకుడి స్తోత్రం పక్కనుంచే లోపలికీ బయటికీ తిరిగారు. మనోభావాలు దెబ్బతిన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు.

నాసిక్ మనకు దూరం, అక్కడి గాలి అలాంటిదేమో అనుకుని నాగార్జునకొండకు వచ్చాను. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కదా, మనవాళ్ళు కాస్త క్రమశిక్షణతో ఉంటారనుకున్నాను. అక్కడి రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు, మహాసేనుడి, అంటే కుమారస్వామి అనుగ్రహం పొందినవాడు. హమ్మయ్య, ఒక టిక్కు. కానీ ఆ అశ్వమేధం సంగతి చెబుతున్నది ఎవరు? ఆయన సోదరి చాంతిసిరి. మేనల్లుడు వీరపురుషదత్తుడి పాలన 6వ ఏట ఆమె మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం దగ్గర స్తంభాలు నిలబెట్టించింది. స్తంభశాసనం బుద్ధుడికి నమస్కారంతో మొదలవుతుంది, మధ్యలో అన్నదమ్ముడి యజ్ఞాలు ఏకరువు పెడుతుంది, చివరికి తనకు నిర్వాణం కోరుకుంటుంది. 18వ ఏటి ఇంకో దానంలో అదే మేనల్లుడు అల్లుడయ్యాడు, అతని ఆయుష్షూ విజయమూ కోరింది. పుట్టింటి యాగాలు, తన నిర్వాణం, అల్లుడి జయం. ఏదీ ఇంకోదానికి అడ్డం రాలేదావిడకి.

ప్రస్తుతానికి చాంతిసిరి ఫారం పెండింగులో ఉంది. ఆమె తరఫున టిక్కు పెట్టగలిగినవారు రావచ్చు. స్తంభం మొదటి పంక్తి ఒక్కటే చదివి వచ్చినవారిని, మధ్య పంక్తి ఒక్కటే చదివి వచ్చినవారిని మాత్రం వేర్వేరు బెంచీల మీద కూర్చోబెడతాం.