పాతిక సెంటీమీటర్లు బుక్ చేసి పదకొండు అందుకున్నవాడి ఫిర్యాదు

విజయవాడ

కొరియర్ సంస్థ ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

విషయం: విజయవాడ నుండి బెంగళూరుకు పంపిన బొమ్మల పార్సిల్ దారిలో నలిగిపోవుట గురించి. జతపరచినవి: ఫోటోలు 7.

అయ్యా,

సంక్రాంతి బొమ్మల కొలువు కోసం మా అమ్మాయికి కొండపల్లి బొమ్మలు కొని, మీ శాఖలో బుక్ చేసి పంపాను. అవి చేరవలసిన ఇంటికే చేరాయి, చేరవలసిన రోజుకు ముందే చేరాయి. ఈ రెండు విషయాల్లో మీ సంస్థపై నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఫిర్యాదంతా ఎత్తు గురించే.

బుక్ చేసే సమయంలో మీ గుమాస్తా పెట్టెను కాటా మీద పెట్టగా రెండు కిలోలు తూగింది. తెల్లపొణికి చెక్క ఎంత తేలికో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కాని ఆయన కాటా వైపు రెండోసారి చూడకుండా టేపు తీసి, పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 25 సెంటీమీటర్లని కొలిచి, మూడింటినీ హెచ్చవేసి, వచ్చిన ముప్పై వేలను ఐదు వేలతో భాగించి, "ఆరు కిలోలు సార్" అన్నారు. రెండు కిలోలు కళ్లెదుట కనబడుతుండగా ఆరు ఎక్కడివని అడిగితే, "తూకం కాదు సార్, బండిలో అది ఎంత చోటు ఆక్రమిస్తుందన్నది లెక్క" అని ఓపికగా వివరించారు. ఆ సూత్రం సబబుగానే తోచింది. దూదిబస్తాలకు బరువును బట్టి కిరాయి తీసుకుంటే ఏ రవాణా సంస్థా బతకదు. అందుచేత కిలోకు 90 చొప్పున 540 రూపాయలు, ప్యాకింగుకు మరో 60 రూపాయలు చెల్లించి రసీదు తీసుకున్నాను. మీ గుమాస్తా టేపు పట్టుకుని ఎత్తు కొలుస్తున్న దృశ్యం ఫోటో 1లో ఉన్నది. టేపు మీది అంకె చదవడానికి వీలుగా ఉన్నది.

ఇక దయచేసి ఫోటో 2 చూడండి. అది మా అల్లుడు బెంగళూరులో, పెట్టె విప్పకముందు, పక్కన స్కేలు నిలబెట్టి తీసినది. పొడవు 42, వెడల్పు 32 సెంటీమీటర్లు ఉన్నాయి, అంటే ఆ రెండు దిక్కులా మీరు నేనిచ్చిన దానికంటే కొంచెం ఎక్కువే అందజేశారు. ఎత్తు మాత్రం పదకొండు. మీ సూత్రం ప్రకారమే 42ను 32తోను, 11తోను హెచ్చవేసి ఐదు వేలతో భాగిస్తే సుమారు మూడు కిలోలు వస్తున్నది. ఆరు కిలోలకు కిరాయి పుచ్చుకుని మూడు కిలోలే అందజేశారన్నమాట. బెంగళూరులో పెట్టె ఆక్రమించిన చోటుకు 270 రూపాయలే చెల్లుతాయి కనుక తక్కిన 270 రూపాయలు తిరిగి ఇప్పించవలసినదని నా మొదటి ప్రార్థన. ఇది నష్టపరిహారం కాదు, మీ లెక్కను మీకే అప్పజెప్పడం మాత్రమే.

పెట్టె కింద పడిందేమో, రోడ్డు కుదుపులకు మేము బాధ్యులం కామని మీరు సమాధానం వ్రాయవచ్చు. అందుకు అవకాశం లేదని ఫోటో 2 లోనే తెలుస్తున్నది. పడిపోయిన అట్టపెట్టెకు ఏదో ఒక మూల చితుకుతుంది, ఆ మూల నుండి ముడత ఏటవాలుగా సాగుతుంది. దీనికి ఎనిమిది మూలలూ ఇంచుమించు పదునుగానే ఉన్నాయి. నాలుగు పక్కలూ మాత్రం సగం ఎత్తున అడ్డంగా మడత పడి, పూరీలా బయటికి పొంగి, పైనున్న టేపు అతుకు వెంట నిలువునా చీలింది. పై నుండి బరువు మోపితేనే ఇలా అవుతుంది. తడిసిన అట్ట బలం కోల్పోతుందని వాన మీదికి నెట్టడానికి కూడా కుదరదు, పెట్టె మీద ఎక్కడా నీటి మరక లేదు. దారిలో వాన పడిందని ఎవరైనా వ్రాస్తే ఆ వానకు నా పెట్టె పట్ల ప్రత్యేకాభిమానం ఉండి ఉండాలి.

ఆ బరువు ఏమై ఉంటుందన్న సంగతి మా అల్లుడు రెండు రాత్రులు ఆలోచించాడు. ఫోటో 3లో మూత మీద ఒక గుండ్రని ముద్ర, దాని లోపల మూడు చిన్న గుంటలు కనబడతాయి. గుంటలు మూడూ సమానమైన ఎడంతో ఉన్నాయి. రబ్బరు కాళ్లు మూడున్న టేబుల్ టాప్ గ్రైండరు అడుగు మా ఇంట్లోనూ ఉన్నది, తిరగేసి చూస్తే అచ్చు ఇదే వరుస. కనుక విజయవాడ నుండి బెంగళూరు దాకా ఏదో ఒక గ్రైండరు నా బొమ్మల మీద ఆసీనమై, సుఖంగా ప్రయాణించినదని భావిస్తున్నాను. ఆ గ్రైండరు యజమాని నుండి మీకు ఏ ఫిర్యాదూ వచ్చి ఉండదు.

పగిలే వస్తువని తెలిపే స్టిక్కరు వేయలేదా అని మీరు అడగవచ్చు. వేశారు, అదీ మీ గుమాస్తాయే వేశారు. గాజు గ్లాసు బొమ్మ, పైకి చూపే రెండు బాణాలు ఉన్న ఎర్ర స్టిక్కరు ఫోటో 1లో మూత మీద స్పష్టంగా ఉన్నది. ఫోటో 4లో అదే చోట మీ గోదాములో అతికించిన బార్‌కోడ్ చీటీ ఉన్నది, దాని అంచు కింద నుండి గ్లాసు కాడ ఒక్కటే బయటికి కనిపిస్తున్నది. పెట్టెకు ఆరు ముఖాలుండగా చీటీకి ఆ ఒక్క చోటే ఎందుకు దొరికిందో విచారించగలరు.

ప్యాకింగు సరిగా లేదన్నది ఈ వ్యాపారంలో అందరూ మొదట చెప్పే కారణమని విన్నాను. ప్యాకింగుకు 60 రూపాయలు తీసుకున్నది మీరే, ఐదు పొరల అట్టపెట్టె ఇచ్చినది మీరే, సందుల్లో కాగితాలు కుక్కినది మీరే. కుక్కిన పని నిజంగా బాగా చేశారు. పెట్టె తెరిచినప్పుడు కాగితాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

బొమ్మల పరిస్థితి ఫోటో 5లో ఉన్నది. కొండపల్లి బొమ్మను ఒకే చెక్కలో చెక్కరు. కాళ్లు, చేతులు, తొండాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, తర్వాత సున్నం పూసి రంగులు వేస్తారు. అందువల్ల దెబ్బ తగిలితే సాధారణంగా అతుకుల దగ్గర ఊడుతుంది, ఊడినదాన్ని మళ్లీ అతికించుకోవచ్చు. ఆ లెక్కన ఎడ్లబండి చక్రాల గురించి నేను అసలు ఫిర్యాదు చేయడం లేదు. తాటిచెట్టు మీది కల్లుగీత కార్మికుడు కుండతో సహా కిందికి దిగిపోయాడు, అతణ్ని ఎలాగో మళ్లీ ఎక్కించవచ్చు. పెళ్లి పల్లకి మోసే నలుగురు బోయీలలో ఇద్దరే నిలబడి ఉన్నారు, పల్లకి వారి భుజాల నుండి జారి పెళ్లికూతురు ఎడ్ల పక్కన చేరింది. ఈ సంబంధం మేము చూసినది కాదు. అంబారీ ఏనుగు విషయం మాత్రం వేరు. ఫోటో 6లో దాని ముందు కాలును దగ్గరగా చూపాము. విరిగినది అతుకు దగ్గర కాదు, మోకాలికి దిగువన, నడి చెక్కలో. రంగు కింద తెల్లని పొణికి నార పీచులు పీచులుగా లేచి ఉన్నది. ఇలా విరిగినదాన్ని అతికిస్తే నిలుస్తుందేమో గాని, అంబారీ బరువు మోయదు.

పార్సిల్ అందించిన కుర్రవాడిని ఏమీ అనవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. పెట్టెను చూడగానే అతనే మొదట నొచ్చుకుని, "అక్కా, నా చేతికొచ్చేటప్పటికే ఇట్లనే ఉంది" అని మా అమ్మాయితో అన్నాడు. పెట్టె దెబ్బతిన్నదని వ్రాసి సంతకం చేస్తానని మా అమ్మాయి అంటే అతని ఫోనులో వ్రాసే చోటే లేదు. ఓటీపీ చెప్పనిదే పెట్టె ఇవ్వడానికి వీల్లేదు, చెప్పిన మరుక్షణమే "పార్సిల్ మంచి స్థితిలో అందినది" అని మీ నుండి సందేశం వచ్చింది. ఆ తర్వాత మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, "మా రికార్డు ప్రకారం పెట్టె బాగానే ఉంది సార్" అన్నారు. రికార్డు బాగుండటం పట్ల నాకూ సంతోషమే, దాన్నే కొలువులో పెట్టుకోవడానికి వీలుంటే ఈ ఉత్తరం వ్రాసేవాణ్ని కాను.

రసీదు వెనుక, భూతద్దం పెడితే గాని కనబడని అక్షరాలలో, మీ బాధ్యత వంద రూపాయలకు మించదని ఉన్నది. షరతులున్న కాగితం మీద సంతకం చేసినవాడు వాటికి కట్టుబడాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మీ న్యాయవాది గుర్తు చేయవచ్చు. అందుకే రసీదు రెండు వైపులనూ ఫోటో 7గా జతచేశాను. పంపినవారి సంతకం అన్న గడిలో నా సంతకం లేదు, మీ గుమాస్తా పెట్టిన టిక్కు ఉన్నది. పైగా 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కొరియర్లనూ రవాణాదారుల లెక్కలోనే చేర్చింది. ఆ చట్టం కింద 2011లో చేసిన నియమాల ప్రకారం, ఎక్కువ పూచీకి ప్రత్యేక కిరాయి కట్టకపోయినా, చెప్పిన విలువకు మించకుండా, కిరాయికి పది రెట్ల వరకు బాధ్యత ఉంటుంది. 540కి పది రెట్లు 5,400. నేను రసీదులో చూపిన బొమ్మల విలువ 4,200. దావాకు ముందు, బుక్ చేసిన తేదీ నుండి 180 రోజుల లోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతున్నది. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగానే స్వీకరించగలరు. స్పందన లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లక తప్పదు.

ఫోటోల విషయంలో ఒక మనవి. మీ ఫిర్యాదుల పేజీలో అవి పెద్దవిగా ఉన్నాయని, కుదించి పంపమని వచ్చింది. కుదించాము. కుదింపు వల్ల ఫోటో 6లో పీచులు సరిగా కనబడకపోతే అసలు ప్రతులు వేరుగా పంపగలను.

పరిశీలన కోసం పెట్టెను వెనక్కి తీసుకుంటామని మీ సహాయ కేంద్రం వారు చెప్పారు. అభ్యంతరం లేదు. తీసుకువెళ్లేటప్పుడు మాత్రం ఎత్తు పదకొండు సెంటీమీటర్లేనని మా అల్లుడి ఎదుట కొలిచి వ్రాసుకుని, గోదాముకు చేరిన తర్వాత మళ్లీ ఒకసారి కొలవవలసినదిగా కోరుతున్నాను. ఈసారి పైన ఏది కూర్చుంటుందో తెలియదు గనుక, కిరాయి వేయవలసి వస్తే పార్సిల్ ధర కాకుండా ఉత్తరాల కవరు ధర వేయించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
రసీదులో పంపినవారి గడిలోని వ్యక్తి