ఇసినోఫిల్స్ పెరిగాయంటే పురుగులు చచ్చిపోతున్నట్టు కాదండీ

"రక్త పరీక్షలో ఇసినోఫిల్స్, ఐజీఈ ఎక్కువ వచ్చాయా? భయపడొద్దు, మీ ఒంట్లో సైన్యం కడుపులో పురుగుల్ని చంపేస్తోంది. నులిపురుగుల మాత్ర వేస్తే ఆ సైన్యం బద్ధకిస్తుంది, వెయ్యకండి. దురద, ఆయాసం ఉంటే స్టెరాయిడ్ మాత్ర ఐదు రోజులు వాడి కౌంట్ దించుకోండి. బెల్లం, అరటిపండు మానేస్తే పురుగులు పుట్టవు. పురుగులున్న పల్లెటూరోళ్లకి ఆస్తమా రాదు. పదిమందికీ పంపండి."

ఈ నెలలో ఇది నాకు ఆరోసారి వచ్చింది, నిన్న మా బావగారే పంపారు, ఇంక ఊరుకోలేక రాస్తున్నా. కోనసీమలో ఓ చిన్న లాబ్‌లో పదిహేనేళ్లుగా స్లైడ్లు చూస్తున్నాను, ఇసినోఫిల్ అంటే నాకు రోజూ కనపడే ఒక రకం తెల్ల కణం, రంగు వేశాక రెండు ముక్కల కేంద్రకం, చుట్టూ నారింజ రంగు రవ్వలు పోసినట్టు.

బెల్లం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తా. పురుగు మట్టిలోంచి వస్తుంది, బెల్లంలోంచి కాదు. అరటిపండు హాయిగా తినండి.

అసలు విషయానికొస్తాను. మా దగ్గరికొచ్చిన ఒకావిడ కథ చెప్తా, ఊడ్పులకి వెళ్లే మనిషి. జూలైలో సార్వా ఊడ్పులప్పుడు కాలివేళ్ల సందుల్లో దురద, తర్వాత కొన్నాళ్లు పొడి దగ్గు, ఆగస్టు నెలాఖరుకి నీరసమని రక్తం ఇచ్చింది. మొత్తం తెల్ల కణాలు 10,000, అందులో ఇసినోఫిల్స్ 24 శాతం, అంటే 2,400. మామూలుగా 500 లోపు ఉండాలి. హిమోగ్లోబిన్ 9.1. మాత్ర వేసుకోమంటే ఎవరో ఈ మెసేజ్ చూపించారంట, వేసుకోలేదు. జనవరిలో మళ్లీ వచ్చింది, ఇసినోఫిల్స్ 720కి దిగాయి. "సైన్యం గెలిచింది కదండీ" అంది నాతో. హిమోగ్లోబిన్ చూస్తే 6.4. మలం తెమ్మని అప్పటికప్పుడు స్లైడ్ పెట్టా, పల్చటి పెంకు, లోపల నాలుగైదు కణాలు, చుట్టూ తెల్లగా ఖాళీ, కొంకిపురుగు గుడ్లు వరసగా కనపడుతున్నాయి.

జరిగిందేంటంటే, కొంకిపురుగు పిల్ల పాదంలోంచి దూరి రక్తంలో పడి ఊపిరితిత్తులకి వెళ్లి, అక్కణ్ణించి గొంతులోకి వచ్చి, మనం మింగితే పేగులోకి చేరుతుంది. ఆ ప్రయాణంలో చర్మంలో, ఊపిరితిత్తిలో ఉన్నంతసేపూ ఇసినోఫిల్స్ దాని మీద పడి విషపు రవ్వలు కక్కి కొన్నిటిని చంపగలవు, ఇది నిజం, ఈ పాయింట్ నేను కాదనను. కానీ పేగుకి చేరి అతుక్కున్న పెద్ద పురుగు సుమారు ఒక సెంటీమీటరు, ఇసినోఫిల్ దానిలో సుమారు ఏడొందలో వంతు, పైగా పురుగుకి గట్టి తోలు, పైగా అది ఉన్నది పేగు లోపలివైపు, కణాల సైన్యమంతా గోడలో. కౌంట్ బాగా ఎక్కేది దాదాపు ఆరేడు వారాలకి, అంటే సరిగ్గా పురుగులు పేగులో సెటిలై గుడ్లు పెట్టడం మొదలెట్టే టైముకి. ఆగస్టులో ఆవిడకి 2,400 అంటే అర్థం కొత్త కాపురం పెట్టాయని, ఖాళీ చేశాయని కాదు.

మరి ఐజీఈ? అదో యాంటీబాడీ, అలర్జీ పుట్టించే మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటుంది, పురుగు వాసన తగలగానే ఆ కణాలు హిస్టమిన్ వదులుతాయి, పేగు జిగురు కారుస్తుంది, గట్టిగా ముడుచుకుంటుంది, కొట్టుకుపొమ్మని ఊడ్చే పని అన్నమాట. ఎలుకల్లో కొన్ని పురుగుల్ని ఈ పద్ధతి రెండు వారాల్లో బయటికి తోసేస్తుంది. మనిషిలో కొంకిపురుగు పళ్లతోనో పలకలతోనో గోడని కరిచి ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంకోటి, రిపోర్టులో ఐజీఈ 3,000 అని వచ్చినా అందులో చాలా భాగం పురుగుని గుర్తుపట్టని ఐజీఈ, ఊరికే పెరిగింది. అదీకాక పురుగు తనవైపు నుంచి మన కణాల్ని నెమ్మదించమని సంకేతాలు పంపుతుంది, ఒంట్లో ఐఎల్-10 లాంటి, సైన్యాన్ని శాంతపరిచే రసాయనాలు పెరుగుతాయి, ఐజీజీ4 అనే ఇంకో యాంటీబాడీ తయారై ఐజీఈకి దొరకాల్సిన పురుగు ముక్కల్ని ముందే పట్టేసుకుంటుంది. జనవరిలో 720కి దిగిందందుకే. పురుగులు పోలేదు, ఒళ్లు వాటితో సర్దుకుంది. నెకటార్ అనే రకం కొంకిపురుగులు వంద ఉంటే రోజుకి 3 మిల్లీలీటర్ల రక్తం, నెలకి 90, ఎక్కణ్ణించి తేవాలి ఆ మనిషి?

మాత్ర వేస్తే సైన్యం బద్ధకిస్తుందట. ఆల్బెండజోల్ పురుగు కణంలో సన్నటి గొట్టాల మీద పనిచేస్తుంది, మన ఇసినోఫిల్స్‌తో దానికి పని లేదు. ఆవిడ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుని మూణ్ణెల్లు ఐరన్ వాడాక హిమోగ్లోబిన్ 10.2కి వచ్చింది. (గర్భం మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వేసుకోకండి.)

ఇంక స్టెరాయిడ్. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తోంది, ఎవడు రాశాడో గానీ మనుషులు చచ్చిపోయే మాట రాశాడు. కౌంట్ ఎందుకు దిగుతుందండీ స్టెరాయిడ్‌కి? ఇసినోఫిల్స్ కొన్ని రక్తంలోంచి తప్పుకుంటాయి, కొన్ని చచ్చిపోతాయి కాబట్టి. పురుగుకి ఏమీ కాదు. రిపోర్టు బాగుంటుంది, మనిషి బాగుండడు.

స్ట్రాంగిలాయిడిస్ అని ఇంకో పురుగుంది, ఇదీ తడి మట్టిలోంచి పాదం గుండానే వస్తుంది, కాలవ గట్ల మీద, చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి. కొంకిపురుగు లాంటి వాటి పిల్లలు బయట మట్టిలో పెరగాలి, దీని పిల్లలు మాత్రం పేగులోనే పెరిగి మళ్లీ అదే మనిషిలోకి దూరగలవు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గంలో పనిచేసిన యుద్ధ ఖైదీల్లో 30 ఏళ్లు దాటాక కూడా ఇది బతికుండటం చూశారు. ఇన్నేళ్లూ వాళ్ల ఇసినోఫిల్స్, ఐజీఈ చేసింది ఏంటంటే దాన్ని పూర్తిగా తీసెయ్యలేదు, సంఖ్య మాత్రం పెరగనివ్వలేదు. అలా పట్టి ఉంచిన చేతిని స్టెరాయిడ్ వదిలించేస్తుంది. పురుగు పిల్లలు లక్షల్లో పెరిగి పేగు గోడ చీల్చుకుని ఊపిరితిత్తుల్లోకి, ఒక్కోసారి మెదడులోకి వెళ్తాయి, వెళ్తూ వెళ్తూ పేగులోని బ్యాక్టీరియాని మోసుకెళ్లి రక్తంలో కలుపుతాయి. అప్పుడు రక్తం తీస్తే ఇసినోఫిల్స్ సున్నా ఉండొచ్చు. కౌంట్ దిగిందని సంబరపడమంటారా?

అలర్జీ అని స్టెరాయిడ్ రాసే ముందు, మట్టిలో పనిచేసే మనిషైతే మలం చూడాలి, అదీ ఒక్కసారి కాదు, మూడుసార్లు వేర్వేరు రోజుల్లో, ఎందుకంటే దీనికి గుడ్లు కనపడవు, పిల్లలే కనపడతాయి, అవీ రోజూ రావు. స్కూల్లో ఇచ్చే ఆ ఒక్క మాత్ర దీనికి చాలదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. ఒక్క మాత్రతో అన్నీ పోవని ఎవరైనా అంటే అది నేనూ ఒప్పుకుంటా.

ఆస్తమా మాట కూడా సగం ఒప్పుకుంటున్నా, మా బావగారు ఆశ్చర్యపోతారేమో. కొంకిపురుగు ఉన్నవాళ్లలో ఆస్తమా తక్కువగా కనపడిందని చాలా దేశాల లెక్కలు కలిపి చూసినవాళ్లు చెప్పారు, ఏలికపాముకి మాత్రం దానికి ఎదురు, ఎక్కువగా కనపడింది. కొంకిపురుగుతో తక్కువ ఎందుకంటే, దానికి అందరూ చెప్పే కారణం, అది మన అలర్జీ స్పందనని తొక్కిపెట్టి ఉంచుతుందని. ఇప్పుడు మీరే ఆ మెసేజ్ మళ్లీ చదవండి. సైన్యం గెలుస్తోందని మొదటి లైను, సైన్యం చేతులు పురుగు కట్టేసిందని చెప్పే ఆస్తమా లైను, రెండూ ఒకే ఫార్వర్డ్‌లో ఉన్నాయి.